ఒక్క బటన్ ఎండ్‌లెస్ రన్నర్: షాప్ పెట్టే ముందు, అవుట్ అయినప్పటి నుంచి తర్వాతి జంప్ దాకా ఏం జరుగుతోందో చూడండి

ప్రశ్న: "యూనిటీలో ఒక్క బటన్‌తో ఆడే ఎండ్‌లెస్ రన్నర్ చేస్తున్నా. జంప్, అడ్డంకులు, కాయిన్లు, స్కోరు అన్నీ అయిపోయాయి. ఫ్రెండ్స్‌కి ఇస్తే ఐదారు సార్లు ఆడి పక్కన పెట్టేస్తున్నారు. మళ్లీ మళ్లీ ఆడాలనిపించేలా కోర్ లూప్ ఎలా డిజైన్ చేయాలి? క్యారెక్టర్లు, షాప్, డైలీ రివార్డ్ పెడితే సరిపోతుందా?"

సరిపోదు. ఐదారు ఆటలకే ఫోన్ పక్కన పెట్టేసేవాళ్లు షాప్ దాకా రారు. ఇలాంటి గేమ్‌లో లూప్ అంటే పరుగు ఒక్కటే కాదు. అవుట్ అవ్వడం, ఎందుకు అయ్యామో తెలియడం, మళ్లీ మొదలుపెట్టడం, ఈసారి అక్కడ సరిగ్గా నొక్కడం: ఈ నాలుగూ కలిస్తేనే లూప్. అవుట్ అయిన ప్రతిసారీ ఆడేవాళ్ల నోట "అరె, తొందరపడ్డా" అనే మాట రావాలి. "నొక్కాను కదా, ఎగరలేదేంటి?" అన్నారంటే ఇంకో రెండు మూడు ఆటల్లో వెళ్లిపోతారు. కాబట్టి ముందు అన్యాయపు అవుట్‌లు తీసేయండి. తర్వాత రీస్టార్ట్‌ని సెకనులోపుకి తెండి. ఆ తర్వాత, అందీ అందనట్టుండే గమ్యం ఒకటి కళ్ల ముందు పెట్టండి. షాప్ సంగతి ఆ పైన చూడొచ్చు.

నేను మొబైల్ గేమ్‌లు చేస్తున్నాను. వాటిలో రెండు రన్నర్లే. ఒకదాంట్లో దూడ పొలం గట్ల మీద పరుగెత్తుతుంది, మధ్యలో వచ్చే నీటి బోదెలు దూకుతుంది. దాని లెక్కలే చెబుతాను, మీ గేమ్‌కి తగ్గట్టు మార్చుకోండి.

ముందు బటన్ సంగతి

మీ జంప్ యూనిటీ యూఐ బటన్ మీద ఉందా? ఉంటే ఈరోజే మార్చండి. `OnClick` పనిచేసేది వేలు తెర మీద పెట్టినప్పుడు కాదు, ఎత్తినప్పుడు. మామూలుగా నొక్కి వదిలేసరికే సెకనులో పదో వంతు దాకా పోతుంది. ఆడేవాళ్లు సరైన చోటే నొక్కుతారు, దూడ మాత్రం బోదెలో పడుతుంది. తెర మీద వేలు పడిన క్షణాన్నే పట్టుకోవాలి, అంటే `TouchPhase.Began`.

రెండో తప్పు దాదాపు అందరం చేస్తాం. నొక్కారా లేదా అన్నది `FixedUpdate`లో చదువుతాం. అది మామూలుగా 0.02 సెకన్లకోసారి నడుస్తుంది, అంటే తెర మీద ప్రతి ఫ్రేముకూ నడవదు. అందువల్ల కొన్ని నొక్కులు దానికి కనపడకుండానే జారిపోతాయి. ఎడిటర్లో పదిసార్లు ఆడినా ఇది బయటపడకపోవచ్చు. నొక్కు `Update`లో చదివి దాచుకోండి, ఫిజిక్స్ పని `FixedUpdate`లో చేయండి.

దీనికి రెండు చిన్న మినహాయింపులు కలపండి. గట్టు కొస దాటాక కూడా 0.08 సెకను దాకా జంప్ ఒప్పుకోండి. నేల తాకడానికి 0.1 సెకను ముందు నొక్కినా గుర్తుపెట్టుకుని, తాకగానే ఎగిరించండి. ఈ మినహాయింపులు ఉన్నాయని ఆడేవాళ్లకి తెలియదు. తీసేస్తే మాత్రం "కంట్రోల్ బాలేదు" అని వెంటనే అంటారు.

బటన్ ఒక్కటే అయినా అందులో రెండు నిర్ణయాలు పట్టాలి: ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు వదలాలి. పైకి వెళ్తుండగా వేలు తీస్తే పైకి పోయే వేగాన్ని సగం చేయండి, అంతే. పూర్తిగా నొక్కి పట్టుకుంటే నా దూడ 3 యూనిట్లు ఎగురుతుంది, గాల్లో 0.7 సెకను ఉంటుంది. నొక్కీ నొక్కగానే వదిలేస్తే ముప్పావు యూనిట్ ఎగిరి 0.35 సెకన్లలో దిగిపోతుంది. వంగిన కొమ్మ కింద చిన్న గెంతు, వెడల్పు బోదె మీద పెద్ద దూకుడు. ఈ తేడా లేకపోతే నైపుణ్యం పెరగడానికి చోటే ఉండదు. మీ ఫ్రెండ్స్ ఐదారు ఆటల్లో ఆపేయడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. మీ గేమ్‌లో నేర్చుకోవాల్సింది అంతలోనే అయిపోతోందేమో చూడండి.

వేగం పెంచితే కష్టం పెరుగుతుందనుకోవద్దు

ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను. మొదటి గేమ్‌లో నేను ఇక్కడే పొరపడ్డాను.

దూడ వేగం సెకనుకి 6 యూనిట్లు అనుకుందాం. గాల్లో 0.7 సెకను ఉంటుంది కాబట్టి 4.2 యూనిట్లు దాటుతుంది. బోదె వెడల్పు 3 యూనిట్లయితే మిగిలేది 1.2 యూనిట్లు. ఆ వేగంతో అది 0.2 సెకను. అంటే గట్టు కొసకి 0.2 సెకను ముందు నుంచి కొస దాకా ఎప్పుడు నొక్కినా దాటేస్తుంది. దీన్ని నేను వెసులుబాటు అంటాను.

ఇప్పుడు వేగం 12 చేయండి, బోదె వెడల్పు అలాగే ఉంచండి. దూకేది 8.4 యూనిట్లు. మిగిలేది 5.4, అంటే 0.45 సెకను. వేగం రెట్టింపైతే అదే బోదె రెండింతలకు పైగా తేలికైపోయింది. గేమ్ వేగం పెరిగిందని మనం సంబరపడుతుంటాం. ఆడేవాళ్లకు మాత్రం బోదెలు అసలు పట్టింపే ఉండవు. ఆ వేగంలో వాళ్లు చచ్చేది వేరే వాటివల్ల: దిగిన గట్టు పొట్టిగా ఉండటం, ముందున్నది సమయానికి కనపడకపోవడం. అవి నైపుణ్యంతో దాటేవి కావు, అందుకే చిరాకు పుడుతుంది.

కాబట్టి కష్టాన్ని వెడల్పుతో కొలవకండి, వెసులుబాటుతో కొలవండి. మీరు నిర్ణయించాల్సింది వెసులుబాటు, వెడల్పు దాన్నిబట్టి లెక్కగా వస్తుంది. నేను మొదట్లో 0.30 సెకను ఇస్తాను, 90 సెకన్లు పరుగెత్తేసరికి 0.15కి దించుతాను. అంతకన్నా కిందికి ఎప్పుడూ వెళ్లను. వేగం 6, వెసులుబాటు 0.30 అయితే బోదె 2.4 యూనిట్లు. వేగం 12, వెసులుబాటు 0.15 అయితే 6.6 యూనిట్లు. రెండో బోదె చూడటానికి భయంకరంగా ఉంటుంది. దాటితే గుండె ఝల్లుమంటుంది. అయినా ప్రతిసారీ దాటగలిగేదే.

దిగే గట్టుకీ ఇలాంటి లెక్కే ఉంది. ఆఖరి క్షణంలో దూకినవాళ్లు గట్టు మీద అందరికన్నా లోపలికి దిగుతారు. దిగాక తర్వాతిది చూసి నొక్కడానికి కనీసం అర సెకను కావాలి. అందుకని గట్టు పొడవు కనీసం వేగం × (వెసులుబాటు + 0.5) ఉంచుతాను. మొదట్లో అది 4.8 యూనిట్లు, ఆఖర్లో 7.8.

ఇంతా చేశాక కూడా నా గేమ్‌లో ఒక అన్యాయం మిగిలిపోయింది. టెస్టింగ్‌కి ఇచ్చిన పిల్లల్లో బాగా ఆడేవాళ్లే కోపంగా ఆపేసేవారు. కొత్తగా ఆడేవాళ్లకు ఏ గొడవా లేదు. రెండు వారాలు అర్థం కాలేదు. చివరికి ప్రతి అవుట్‌కీ మూడు సంగతులు ఫైల్లో రాయించాను: అప్పటి వేగం, బోదె వెడల్పు, అవతలి గట్టు ఎత్తు. చూస్తే వేగం 11 దాటాక అయిన అవుట్‌లన్నీ దాదాపు ఒకే చోట కుప్పపడి ఉన్నాయి: అవతలి గట్టు 2 యూనిట్లు ఎత్తున్న బోదెల దగ్గర.

కారణం చాలా చిన్నది. గాల్లో ఉండే సమయం 0.7 సెకను అన్నది రెండు గట్లూ ఒకే ఎత్తులో ఉన్నప్పటి లెక్క. అవతలి గట్టు 2 యూనిట్లు ఎత్తుంటే దూడ 3 యూనిట్ల పైనుంచి ఒక్క యూనిట్ మాత్రమే కిందికి రావాలి. అప్పుడు గాల్లో ఉండేది 0.55 సెకనే. వేగం 12 దగ్గర 6.6 యూనిట్ల బోదె దాటడానికి సరిగ్గా 0.55 సెకను పడుతుంది. వెసులుబాటు సున్నా. కొస దాటాక ఇచ్చే ఆ 0.08 సెకను మినహాయింపు పుణ్యమా అని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి దాటేస్తుండేవారు. అందుకే అది "కష్టమైన చోటు"లా కనిపించింది, తప్పుడు లెక్కలా కనిపించలేదు. సరిచేసింది ఈ రెండు లైన్లే:

```csharp
float AirTime(float rise) =>
    tUp + Mathf.Sqrt(2f * (hMax - rise) / g);

float gap = speed * (AirTime(rise) - window);
```

`window` అంటే వెసులుబాటు, `tUp` అంటే పైకొసకి చేరడానికి పట్టే సమయం. నా గేమ్‌లో `hMax` 3, `tUp` 0.35, `g` 49. గట్టు పైకి ఉంటే `rise` ప్లస్, కిందికి ఉంటే మైనస్. కింది గట్టుకైతే గాల్లో ఉండే సమయం పెరుగుతుంది కాబట్టి బోదె కూడా ఇంకాస్త వెడల్పు పెట్టుకోవచ్చు.

క్రోమ్‌లో ఇంటర్నెట్ లేనప్పుడు వచ్చే డైనోసార్ ఆట అందరూ చూసిందే. దాని కోడ్ బయటే ఉంది, ఒకసారి చదవండి. రెండు అడ్డంకుల మధ్య కనీస దూరం స్థిరంగా ఉండదు. అడ్డంకి వెడల్పుని అప్పటి వేగంతో గుణించి, దానికి ఇంకొంత కలుపుతారు. ఎక్కువలో ఎక్కువ దూరం అంటే ఆ కనీసానికి ఒకటిన్నర రెట్లు. యాదృచ్ఛికత అంతా ఆ రెండింటి మధ్యే. వేగం 6తో మొదలై 13 దగ్గర ఆగుతుంది, ఫ్రేముకి 0.001 చొప్పున పెరుగుతుంది. సెకనుకి 60 ఫ్రేములంటే పూర్తి వేగం అందుకోవడానికి రెండు నిమిషాలకి కాస్త తక్కువ. అంత చిన్న ఆటలో కూడా వేగానికి పైహద్దు పెట్టారు, గమనించండి.

ఒక జాగ్రత్త. కెమెరా ఎత్తు 10 యూనిట్లు, దూడ ఎడమ నుంచి ఐదో వంతులో ఉంటే, 16:9 తెర మీద ముందు 14 యూనిట్లు కనిపిస్తాయి. 20:9 ఫోన్‌లో దాదాపు 18 కనిపిస్తాయి. వేగం 12 దగ్గర మొదటివాళ్లకు 1.2 సెకను, రెండోవాళ్లకు 1.5. స్కోర్లు పోల్చి చూపించే గేమ్ అయితే కెమెరాని వెడల్పు లెక్కన కట్టేయండి. ముందుచూపు ఒక్క సెకను కన్నా తగ్గకూడదు.

అవుట్ అయ్యాక మొదటి సెకను

అవుట్ కాగానే తెర మీద "గేమ్ ఓవర్", స్కోరు, కాయిన్లు, షేర్ బటన్, హోమ్ బటన్, రీస్టార్ట్ బటన్ అన్నీ ఒకేసారి వచ్చిపడుతున్నాయా? చాలామంది అలాగే చేస్తారు. ఆ క్షణంలో ఆడేవాళ్ల మనసులో ఉన్నది ఒక్కటే: ఆ బోదె. మీరు దాన్ని కప్పేస్తున్నారు.

నేను చేసేది ఇది. తగిలిన క్షణంలో ఆటని 0.15 సెకను ఆపేస్తాను. గట్టు మీద ఆఖరిసారి ఎక్కడ నొక్కారో అక్కడ ఎర్ర చుక్క, వేలు ఎక్కడ వదిలారో అక్కడ తెల్ల చుక్క పెడతాను. అంతే, మాటలేమీ లేవు. ఎర్ర చుక్క కొసకి జానెడు వెనకుంటే తొందరపడ్డారని తెలుస్తుంది. తెల్ల చుక్క ముందే ఉంటే వేలు త్వరగా తీశారని తెలుస్తుంది. ఈ రెండు చుక్కలు పెట్టాక టెస్టింగ్‌లో నన్ను తిట్టడం ఆగింది, వాళ్లని వాళ్లే తిట్టుకోవడం మొదలైంది. చుక్కే లేకపోతే? ఆడేవాళ్లు నొక్కలేదన్నమాట. నొక్కామని వాళ్లు గట్టిగా చెబుతుంటే నమ్మండి, మీ ఇన్‌పుట్ కోడ్‌లో ఏదో జారిపోతోంది.

2009లో ఆడమ్ సాల్ట్స్‌మన్ చేసిన కానబాల్ట్ ఒక్క బటన్ రన్నర్లకు దారి చూపించింది. అందులో అవుట్ కాగానే ఎన్ని మీటర్లు పరుగెత్తారో, దేనివల్ల చనిపోయారో ఒకే వాక్యంలో చెబుతుంది. గోడకు గుద్దుకోవడం వేరు, కింద పడిపోవడం వేరు. కారణం తెలిస్తే తర్వాతి ఆటలో సరిదిద్దుకోవాల్సిందేమిటో వాళ్లకు దొరికినట్టే.

రీస్టార్ట్ తెర మీద ఎక్కడ నొక్కినా జరగాలి. బటన్ వెతుక్కోనివ్వకండి. కానీ వెంటనే ఒప్పుకోకూడదు కూడా. కంగారులో రెండోసారి నొక్కిన నొక్కే రీస్టార్ట్ అయిపోతే ఎలా అవుట్ అయ్యారో చూడనే చూడరు. క్రోమ్ డైనోసార్ మొదట్లో 750 మిల్లీసెకన్లు ఆగేది. నేను 500 పెట్టుకున్నాను. సీన్ మళ్లీ లోడ్ చేయకండి, పాత గట్లనే వెనక్కి తెచ్చి వాడుకోండి. తక్కువ ధర ఫోన్‌లో సీన్ లోడింగ్‌కి రెండు సెకన్లు పట్టిందంటే ఆ వేడి చల్లారిపోతుంది.

ప్రతి అవుట్ తర్వాత యాడ్ వేసే ఆలోచన ఉంటే వదిలేయండి. యాడ్ సరిగ్గా లూప్ కీలు మీద దెబ్బ కొడుతుంది. వాళ్లు తమంతట తాము ఆపి హోమ్‌కి వెళ్లినప్పుడు వేసుకోండి.

ఇక్కడ ఒక్క కొలత పెట్టుకోండి: అవుట్ అయినప్పటి నుంచి తర్వాతి నొక్కు దాకా ఎంతసేపు. ఆడాలన్న ఊపుంటే అది మీరు పెట్టిన ఆగుడుకి దగ్గర్లోనే ఉంటుంది. ఒక్కో ఆటకీ పెరుగుతూ పోతుంటే మనిషి వెళ్లిపోతున్నాడని అర్థం. ఫోన్ పక్కన పెట్టే ముందు ఆఖరి అవుట్ దేనివల్ల అయిందో కూడా రాసుకోండి. పది మంది లాగ్‌లు చూస్తే చాలు, మీ గేమ్‌లో అన్యాయం ఎక్కడుందో బయటపడుతుంది.

మొదటి పది సెకన్లు

కొత్తవాళ్ల కోసమని మొదలు మరీ నెమ్మదిగా పెడితే, ఇరవయ్యో ఆటకి ఆ నెమ్మదే శిక్ష అవుతుంది. 80వ సెకనులో అవుట్ అయినవాళ్లు మళ్లీ అక్కడికి చేరాలంటే నిద్రొచ్చే అర నిమిషం దాటాలి. నేను మొదటి మూడు ఆటలు మాత్రమే వేగం 6తో మొదలుపెడతాను. తర్వాత వాళ్ల బెస్ట్ స్కోరుని బట్టి 8 దాకా పెంచుతాను. వెసులుబాటు మాత్రం 0.30 దగ్గరే మొదలవుతుంది కాబట్టి అన్యాయం ఏమీ జరగదు.

కానబాల్ట్‌లో దీనికో చక్కటి ఉపాయం ఉంది. దారిలో పెట్టెలుంటాయి, తగిలితే చావరు, వేగం తగ్గుతుంది. భయపడ్డవాళ్లు కావాలనే తగులుతారు. ఇంకో బటన్ లేకుండానే వేగం మీద అదుపు వాళ్ల చేతికే ఇచ్చారు. నా గేమ్‌లో గడ్డిమోపులు ఆ పనే చేస్తాయి.

రేపు మళ్లీ రావడానికి

పైవన్నీ కుదిరాకే ఇది. బెస్ట్ స్కోరుని తెర మూలన అంకెలా పెట్టకండి, దారిలో జెండాలా పాతండి. దూరంగా జెండా కనపడగానే వేలు బిగుసుకుంటుంది. జెండాకి నాలుగు గట్ల ముందు పడినవాళ్లు ఫోన్ పెట్టేయడం నేను దాదాపు చూడలేదు.

చిన్న చిన్న పనులు ఒకేసారి మూడు కన్నా ఎక్కువ ఇవ్వకండి. 2011లో వచ్చిన జెట్‌ప్యాక్ జాయ్‌రైడ్ కూడా ఒక్క బటన్ ఆటే, అందులోనూ మూడేసి మిషన్లే ఉంటాయి. పనులు వేలికి కొత్త అలవాటు నేర్పేలా ఉండాలి. "100 కాయిన్లు ఏరు" అన్నది పని కాదు, ఎలా ఆడినా ఎప్పుడో అయిపోతుంది. "వరసగా ఐదు బోదెలు చిన్న గెంతుతో దాటు" అంటే ఆడే తీరే మారాలి.

నాకు అన్నింటికన్నా పనిచేసింది రోజుకో దారి. ఆ రోజు ప్రపంచంలో ఎవరు ఆడినా అవే గట్లు, అవే బోదెలు. తేదీనే సీడ్‌గా ఇస్తే సర్వర్ అవసరం కూడా లేదు:

```csharp
var d = System.DateTime.UtcNow;
int seed = d.Year * 10000 + d.Month * 100 + d.Day;
var track = new System.Random(seed);
```

దారికి ఈ `track` ఒక్కటే వాడండి. యూనిటీ `Random` ఒక్కటే అన్నింటికీ వాడితే, దుమ్ము ఎగరడానికి తీసుకున్న ఒక్క నంబరు వల్ల అక్కడి నుంచి దారంతా మారిపోతుంది, ఇద్దరికి ఒకే దారి రాదు. మొదలు వేగాన్ని బెస్ట్ స్కోరుని బట్టి మార్చమని పైన చెప్పాను కదా, రోజు దారిలో మాత్రం అందరికీ ఒకే వేగం ఉండాలి. ఫోన్‌లోని లోకల్ తేదీ వాడకుండా యూటీసీ వాడటానికీ కారణం ఉంది. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో హైదరాబాద్‌లోని అక్క పిల్లలూ డాలస్‌లోని అన్నయ్య పిల్లలూ స్కోర్లు పెట్టుకుంటారు. మొదట లోకల్ తేదీ వాడాను, సగం రోజు వేర్వేరు దారులు ఆడుతూ స్కోర్లు పోల్చుకుని పోట్లాడుకున్నారు. యూటీసీ అయితే మనకి తెల్లవారుజామున 5:30కి దారి మారుతుంది, అందరికీ ఒకేసారి.

మీ ఫ్రెండ్స్ ఆఖరి అవుట్‌ల లాగ్ ఉంటే వేగం, వెడల్పు, ఎత్తు మూడూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. లాగ్ లేకపోతే ముందు జంప్ `OnClick` మీద ఉందో లేదో చూసి చెప్పండి.